శనగచేని వేడి లెక్క

కొండాపురం, రబీ

నవంబర్ 11

థర్మామీటరు పెట్టే చోటు ఇవాళ తేలింది. చేని గట్టున ఉన్న వేపచెట్టు కింద, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, చుట్టూ గాలి ఆడే చెక్కపెట్టెలో, తలుపు ఉత్తరం వైపు తెరుచుకునేలా. గరిష్ఠం, కనిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే రకం ఇది. రోజూ సాయంత్రం ఒకసారి చూసి రాసుకుని, గుర్తులు మళ్లీ వెనక్కి జరపాలి.

రెండోది ఒకటి మోటారు కొట్టం దక్షిణపు గోడకు తగిలించాను, తేడా ఎంతుంటుందో చూద్దామని. గోడ మీది గరిష్ఠం పెట్టెలో దానికన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ, కనిష్ఠం ఒక డిగ్రీ ఎక్కువ. సగటున రెండున్నర డిగ్రీలు. మామూలు మాటల్లో ఇది పెద్ద తేడా కాదు. కానీ నేను వేయబోయే లెక్కలో పురుగు ఎదిగే కాలం 15.7 రోజులు కావాల్సింది 13.3 రోజులుగా తేలుతుంది. అంటే మందు కొట్టే రోజు రెండు రోజులకు పైగా ముందుకు జరిగిపోతుంది. గోడ థర్మామీటరు వంటింటికి ఇచ్చేశాను.

నా చేను అక్టోబర్ 12న విత్తింది, జేజీ-11. చిన్నాయన చేను నిన్ననే పడింది. వానకు తడిసిన నల్లరేగడిలోకి ట్రాక్టరు దిగదు, ఆయన పొలం పల్లంలో ఉంది, ఆరేదాకా ఆగాల్సి వచ్చింది. రెండు చేలకూ మధ్య సుమారు నెల తేడా. ఈ నెల తేడా పురుగు విషయంలో ఏం చేస్తుందో ఈసారి కాగితం మీద చూడాలి.

నవంబర్ 14

సాయంత్రం చిన్నాయన వచ్చి పెట్టె తలుపు తీసి చూశాడు. "పురుగు కోసం ఎండను కొలుచ్చాండావా?" అన్నాడు. అవునన్నాను. ఆయనకు చెప్పిన తీరులోనే ఇక్కడ రాసుకుంటున్నాను, మళ్లీ అక్కరకొస్తుంది.

మన ఒంటిలో వేడి ఎప్పుడూ ఒకటే. పురుగుకు అట్లా కాదు. బయట ఎంత వేడి ఉంటే దాని ఒంట్లోనూ దాదాపు అంతే. చల్లగా ఉంటే ఎదుగుదల మందగిస్తుంది, ఒక హద్దు కిందికి పోతే నిలిచిపోతుంది. ఆ హద్దు మీద ఎన్ని డిగ్రీల వేడి, ఎన్ని రోజులు అందిందో కూడితే, గుడ్డు పగలడానికి అయినా, పురుగు ముదరడానికి అయినా ఆ మొత్తం ఇంచుమించు మారదు. వేడి రోజుల్లో త్వరగా నిండుతుంది, చలి రోజుల్లో నిదానంగా నిండుతుంది. హద్దు మీద ఒక డిగ్రీ ఒక రోజంతా ఉంటే దాన్ని ఒక డిగ్రీ-దినం అంటారు.

"అంటే కూలి లెక్క," అన్నాడు చిన్నాయన. "అప్పు ఇంత అని ఉంటాది. ఒకనాడు పదిహేను తీరుతాది, ఒకనాడు పది. తీరినాక బయటికొచ్చాది." ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఫ్రాన్సులో రేమ్యూర్ అనే ఆయన 1735లోనే పంటలు పక్వానికి రావడాన్ని రోజువారీ వేడిని కూడి చూశాడు. పురుగుల మీదికి ఈ లెక్క ఆ తర్వాత వచ్చింది. సూత్రం మాత్రం ఇప్పటికీ ఒక వరుసే:

```
డిగ్రీ-దినాలు = (గరిష్ఠం + కనిష్ఠం) / 2 − హద్దు
```

శనగపచ్చ పురుగుకు ప్రయోగశాలల్లో పెంచి కట్టిన అంకెలు నోటుబుక్కు మొదటి పుటలో రాసి పెట్టుకున్నాను. గుడ్డుకు హద్దు 10.5 డిగ్రీలు, పగలడానికి సుమారు 51 డిగ్రీ-దినాలు. పురుగు దశకు హద్దు 11.3, మొత్తం సుమారు 215. మట్టిలో ప్యూపాగా ఉన్నప్పుడు హద్దు 13.8, రెక్కలొచ్చి బయటపడటానికి సుమారు 152. దశకొక హద్దు ఉందన్నది మరిచిపోకూడదు. ఒకటే హద్దుతో మొదటి నుంచి చివరిదాకా కూడుకుంటూ పోతే తప్పు కొంచెం కొంచెంగా పేరుకుపోతుంది.

నవంబర్ 18

లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగు చొప్పున పెట్టి వారమవుతోంది. మొదట్లో బుట్టకు ఒకటి, సున్నా, రెండు. మొన్న ఆరు, నిన్న తొమ్మిది, ఇవాళ పదకొండు.

ఒక రాత్రి రెండు పడ్డాయని లెక్క మొదలుపెట్టకూడదు. దారి తప్పి వచ్చినవి ఎప్పుడూ ఉంటాయి. వరుసగా రెండు మూడు రాత్రులు పెరుగుతూ పోతేనే మందగా వచ్చాయని అర్థం. ఇంకో సంగతి: ఆ ఎర ఆడ పురుగు వాసనకు నకలు, అందుకే బుట్టలో పడేవన్నీ మగవే. గుడ్లు పెట్టేది ఆడది. బుట్టలో ఎన్ని పడ్డాయన్నది చూసి చేలో ఎన్ని గుడ్లు ఉంటాయో చెప్పలేం. వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం బుట్ట చెబుతుంది. కాబట్టి నేను బుట్టను లెక్కకు మొదలుగా తీసుకోను. చేలో కొత్త గుడ్డు కనబడిన రోజే మొదటి రోజు.

రేపటి నుంచి పొద్దున్నే ఇరవై మొక్కలు చూడాలి. లేత ఆకులు, మొగ్గలు. గుడ్డు ఆవగింజలో నాలుగో వంతు కూడా ఉండదు, లేత పసుపు తిరిగిన తెలుపు, ఒక్కొక్కటిగా ఉంటుంది. గుంపుగా ఉంటే అది వేరే పురుగుది. పగిలేముందు గోధుమరంగుకు తిరుగుతుంది, కాబట్టి తెల్లవాటినే కొత్తవిగా లెక్కపెట్టాలి.

నవంబర్ 20

పూత మొదలైంది. ఇరవై మొక్కల మీద మూడు తెల్ల గుడ్లు. నిన్న రాత్రి పెట్టినవే అనుకోవాలి, నిన్న పొద్దున ఒక్కటీ లేదు. ఆ మొక్కలకు ఎర్ర దారం కట్టాను.

వాతావరణ శాఖ రాబోయే రోజులకు ఇచ్చిన అంచనాలో గరిష్ఠం 30, 31, కనిష్ఠం 19, 20. సగటు 25 పట్టుకుంటే 25 నుంచి 10.5 తీసేస్తే రోజుకు 14.5. గుడ్డుకు కావలసిన 51ని 14.5తో భాగిస్తే మూడున్నర రోజులు. అంటే ఈ గుడ్లు 23వ తేదీ మధ్యాహ్నానికి పగలాలి.

పక్క చేని వాళ్లు ఇవాళే మందు కొట్టేశారు. పూత రాగానే ఒకటి, పదహైదు దినాలకు ఇంకొకటి అని అంగడి వాళ్లు చెప్పారట. వాళ్లు కొట్టింది ఎన్.పి.వి. అది వైరసు ద్రావణం, పురుగు తింటేనే పని చేస్తుంది. ఇవాళ చేలో ఉన్నవి గుడ్లు. పురుగు పుట్టి ఆకు కొరికేలోగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు వైరసును బలహీనపరుస్తాయి. వాళ్ల రెండో మందు డిసెంబర్ 5న పడుతుంది. అప్పటికి ఇప్పటి గుడ్ల నుంచి వచ్చిన పురుగులు 215లో దాదాపు 150 దాటేసి కాయలో తల దూర్చి ఉంటాయి. ముదిరిన పురుగును ఈ వైరసు సరిగా చంపలేదు. రెండు మందులూ మంచివే, రెండూ తప్పు రోజున పడుతున్నాయి.

నవంబర్ 23

ఎర్ర దారం కట్టిన మొక్కల దగ్గర పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కూర్చున్నాను. నిన్ననే గుడ్లు గోధుమరంగుకు తిరిగాయి. మధ్యాహ్నం రెండింటికి రెండు పగిలాయి. మూడోది సాయంత్రానికి. ఈ నాలుగు రోజుల లెక్క:

20వ తేదీ: గరిష్ఠం 31.0, కనిష్ఠం 20.0, సగటు 25.5. హద్దు తీసేస్తే 15.0. మొత్తం 15.0.
21వ తేదీ: 30.5, 19.5, సగటు 25.0. 14.5. మొత్తం 29.5.
22వ తేదీ: 31.0, 19.0, సగటు 25.0. 14.5. మొత్తం 44.0.
23వ తేదీ: 30.0, 18.5, సగటు 24.25. 13.75. మొత్తం 57.75.

22 రాత్రికి 44 అయింది. 51కి ఇంకా 7 కావాలి. ఇవాళ్టి రోజంతా కలిపి 13.75 వస్తుంది కాబట్టి 7 అంటే సగం రోజు. లెక్క మధ్యాహ్నమంది, గుడ్లు మధ్యాహ్నం, సాయంత్రం పగిలాయి. మూడు గుడ్లతో ఏదీ రుజువు కాదు గాని, అంకెలు ఈ నేలకు మరీ దూరంగా లేవని తెలిసింది.

అయితే ఇవాళ పగిలినవి చేలో మొదటివి. వీటి కోసం ఇవాళే మందు కొడితే వెనక వచ్చేవి తప్పించుకుంటాయి. ఇరవై మొక్కల మీద కొత్త తెల్ల గుడ్లు 20న మూడు, 21న ఐదు, 22న తొమ్మిది, ఇవాళ పదిహేడు. రేపు, ఎల్లుండి ఎన్నో చూస్తేగాని గుడ్లు ఎక్కువగా పడిన రాత్రి ఏదో తేలదు.

నవంబర్ 25

నిన్న ఎనిమిది, ఇవాళ ఆరు. కాబట్టి ఎక్కువ గుడ్లు పడింది 22 రాత్రి. ఆకాశం మబ్బుగా ఉంది. గరిష్ఠం 27 దాటలేదు, కనిష్ఠం 20 దగ్గరే నిలిచింది.

మబ్బు పడితే పురుగు ఎదుగుదల ఆగుతుందని చాలామంది అనుకుంటారు. పగటి ఎండ తగ్గినంత మాత్రాన రాత్రి చలి పెరగదు. మబ్బు రాత్రి వేడిని పోనివ్వదు. గరిష్ఠం మూడు డిగ్రీలు తగ్గి, కనిష్ఠం ఒకటిన్నర పెరిగితే సగటు ముప్పావు డిగ్రీ మాత్రమే తగ్గుతుంది. మబ్బుల్లో పురుగు ఎక్కువైందని చేలో అనుకునే మాటకు ఈ లెక్క అడ్డు రాదు.

ఇవాళ్టి అసలు పని, కొట్టే రోజును పట్టుకోవడం. అందుకు రెండు వరుసల్లో కూడాలి.

మొదటి వరుస, ఎక్కువ గుడ్లు ఎప్పుడు పగులుతాయి? 22 రాత్రి పెట్టినవి, 23 నుంచి లెక్క. 23న 13.75. 24న గరిష్ఠం 29.5, కనిష్ఠం 18.5, సగటు 24.0, 13.5 కలిపితే 27.25. ఇవాళ 27.0, 20.0, సగటు 23.5, 13.0 కలిపితే 40.25. రేపు 24 సగటు ఉంటుందనుకుంటే 13.5 కలిసి 53.75. అంటే రేపు సాయంత్రానికి 51 దాటుతుంది. 26 రాత్రికల్లా ఎక్కువ గుడ్లు పురుగులై ఉంటాయి.

రెండో వరుస, 23 మధ్యాహ్నం మొదట పుట్టినవి ఎంత ముదిరాయి? వైరసు పని చేసేది చిన్న పురుగుల మీద, అంటే మొదటి రెండు దశల్లో, మహా అయితే మూడో దశ ఆరంభంలో. మొత్తం 215లో మొదటి మూడో వంతు, సుమారు 70 డిగ్రీ-దినాల లోపు అని పట్టుకున్నాను. ఇక్కడ హద్దు 11.3. 23న సగం రోజే కాబట్టి 12.95లో సగం, 6.5. 24న 12.7, మొత్తం 19.2. ఇవాళ 12.2, మొత్తం 31.4. రేపు 12.7 అనుకుంటే 44.1. ఆ తర్వాతి రెండు రోజులూ అంతే వస్తే 27న 56.8, 28న 69.5.

మొదటి వరుస 26 రాత్రి దాటాలంటుంది. రెండోది 28 దాటకూడదంటుంది. నాకు మిగిలినవి రెండు సాయంత్రాలు, 27, 28.

నవంబర్ 27

పొద్దున చేను లెక్కపెట్టాం. నేను, కూలికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు. సాలులో మీటరు పొడవు మొక్కల కింద గుడ్డ పరిచి, మొక్కలు తట్టి, పడిన పురుగులు లెక్కపెట్టడం. చేలో ఒక మూల నుంచి ఇంకో మూలకు పది చోట్ల. నా చేలో పది మీటర్లకు పదమూడు పురుగులు, దాదాపు అన్నీ చిన్నవే. మీటరు సాలుకు ఒకటి దాటితే కొట్టాలన్నది శనగలో వాడే హద్దు. 1.3 వచ్చింది. కొట్టాలి.

చిన్నాయన చేలో పది మీటర్లకు నాలుగే. మొక్కలు ఇంకా రెండున్నర వారాలవి, పూత ఊసే లేదు. తేదీ ఒకటే, బుట్టలు ఒకటే, గుడ్ల లెక్కా ఒకటే, అయినా ఆయన కొట్టాల్సిన పని లేదు. "అయితే నాకు డబ్బు మిగిలినట్టే," అన్నాడు. ఇప్పటికి అని చెప్పాను.

సాయంత్రం ఐదు దాటాక ఎన్.పి.వి. ఎకరాకు వంద ఎల్.ఇ., కొంచెం బెల్లం కలిపి కొట్టాం. బెల్లం ఆకుకు అంటుకోవడానికీ, పురుగు తినడానికీ. సాయంత్రమే ఎందుకంటే రాత్రంతా, మర్నాడు ఎండెక్కేదాకా వైరసుకు ఎండ తగలదు, ఆలోపు చిన్న పురుగులు తినేస్తాయి.

గరిష్ఠం 29, కనిష్ఠం 19. ఇప్పటిదాకా అంచనా వేసిన సగటుతో సరిగ్గా సరిపోయింది.

నవంబర్ 30

చిన్నాయన గట్టు మీద నుంచే అరిచాడు, "కొట్టి మూడు దినాలాయ, ఇంగా తింటాండాయి కదా!" తింటాయి. వైరసు కడుపులోకి పోయి, ఒంట్లో పెరిగి, చంపడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. అందుకే కదా చిన్నప్పుడే కొట్టాలనేది. చిన్న పురుగు ఆ నాలుగు రోజుల్లో ఎంత తింటుంది? ఆకులో ఒక చిన్న మచ్చంత. పెద్దదైతే ఆ నాలుగు రోజుల్లోనే నాలుగు కాయలు ఖాళీ చేస్తుంది.

డిసెంబర్ 2

మొక్కల కొనల మీద పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి, మెత్తబడి నల్లబడ్డాయి. ముట్టుకుంటే చర్మం చిట్లి నీళ్లు కారుతాయి. ఇప్పుడు లెక్కపెడితే పది మీటర్లకు మూడు.

డిసెంబర్ 6

నా దగ్గర చదువుకునే పిల్లవాడు ఒకడు ఈ పుటలు చూసి, "సగటు తీసి హద్దు తీసేస్తే చాలా? అంత సులువా?" అని అడిగాడు. ఇక్కడ చాలు. చాలదు అనే చోట్లూ ఉన్నాయి. అవి కూడా రాసిపెట్టాలి.

కొండాపురంలో ఈ నెలల్లో కనిష్ఠం 11.3 కిందికి పోదు. రోజంతా ఉష్ణోగ్రత హద్దు మీదే ఉంటుంది కాబట్టి సగటు మోసం చేయదు. అదే లంబసింగిలో ఒక చలికాలపు రోజు తీసుకుందాం. కనిష్ఠం 4, గరిష్ఠం 22. సగటు 13. 10.5 తీసేస్తే 2.5. కానీ ఆ రోజు మధ్యాహ్నం 22 దాకా వెళ్లింది, ఆ వేడిని పురుగు అనుభవించింది. రాత్రి 4కి పడింది, అప్పుడు ఎదుగుదల ఆగింది, అంతేగాని వెనక్కి పోలేదు. సగటులో రాత్రి చలి పగటి వేడిని తినేసింది. అలాంటి చోట రోజులో వేడి ఎక్కిదిగే తీరును సైన్ వక్రంగా గీసి, హద్దు పైన ఉన్న భాగాన్నే కొలుస్తారు. బాస్కర్‌విల్, ఎమిన్ అనే ఇద్దరు 1969లో ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. అదే రోజుకు ఆ పద్ధతిలో 4.2 వస్తుంది. 2.5 ఎక్కడ, 4.2 ఎక్కడ. నెలంతా ఇట్లా కూడితే గుడ్డు పగిలే రోజు గురించి మాట్లాడటమే దండగ.

పై హద్దు సంగతి కూడా ఉంది. 35 దాటాక ఈ పురుగు ఇంకా వేగంగా ఎదగదు, మందగిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇక్కడ గరిష్ఠం 40, కనిష్ఠం 26 ఉండే రోజు సగటు 33, హద్దు తీసేస్తే 21.7. గరిష్ఠాన్ని 35 దగ్గర కోసేసి లెక్కిస్తే 30.5 సగటు, 19.2. శనగ అప్పటికి ఇంటికి చేరుతుంది కాబట్టి ఆ చిక్కు మనకు లేదు. వేసవిలో కూరగాయలు పండించే వాళ్లు మాత్రం ఆ కోత వేయకుండా లెక్క కట్టకూడదు.

ఇంకో పరిమితి ఉంది. పెట్టెలో కొలిచేది గాలి వేడి. పురుగు ఉండేది మొక్క మీద, ఆకు నీడలో ఒక గంట, ఎండలో ఒక గంట. ప్రయోగశాలలో పెంచినప్పుడు తిండి వేరు, ఇక్కడ తినేది శనగ. తిండిని బట్టి ఎదుగుదల కాలం అటూ ఇటూ జరుగుతుంది. గుడ్డుకు కావలసింది 51 మాత్రమే కాబట్టి దానిలో తప్పు గంటల్లో ఉంటుంది. పురుగు దశలో ఒకటి రెండు రోజులు. నేలలో ఉండే ప్యూపా దగ్గరికి వచ్చేసరికి గాలి వేడితో లెక్క ఇంకొంచెం వదులవుతుంది. ఎంత దూరం ముందుకు చూస్తే అంత వదులు.

డిసెంబర్ 15

చిన్నాయన అడిగాడు, "నా చేనికి యెప్పుడు?" కూర్చుని కూడాను.

22 రాత్రి గుడ్ల నుంచి వచ్చినవి 26 సాయంత్రం పుట్టాయి. 27, 28ల్లో 12.7 చొప్పున 25.4 వచ్చాయి. 215లో ఇంకా 189.6. డిసెంబర్‌లో సగటు 23 అనుకుంటే రోజుకు 11.7, అంటే 16.2 రోజులు. మందుకు చావకుండా మిగిలినవి, కొట్టని చేలల్లో ఉన్నవి, ఈరోజుల్లోనే నేలలోకి దిగుతున్నాయి.

నేలలో 152 కావాలి. సగటు 22.3 అయితే 13.8 తీసేయగా రోజుకు 8.5. దాదాపు 18 రోజులు. రెక్కల పురుగులు జనవరి 1, 2 తేదీల్లో. జతకట్టి గుడ్లు పెట్టడానికి మూడు రోజులు, జనవరి 4, 5. చలి పెరిగి సగటు 22కి తగ్గితే గుడ్డుకు రోజుకు 11.5, పగలడానికి 4.4 రోజులు. నవంబర్‌లో మూడున్నర రోజులు పట్టిన పనికి ఇప్పుడు దాదాపు ఒక రోజు ఎక్కువ. పురుగులు పుట్టేది జనవరి 9 ప్రాంతాన.

జనవరి 9 నాటికి నా చేను ఎనభై తొమ్మిది రోజులది, ఆకులు పండి, పీకడానికి సిద్ధంగా ఉంటుంది. కాయ గట్టిపడి ఉంటుంది. రెండో తరం నాకు పెద్దగా చేసేది లేదు. చిన్నాయన చేను అప్పటికి అరవై రోజులది, లేత కాయ మీద ఉంటుంది. నవంబర్‌లో ఆయనకు మిగిలిన డబ్బు జనవరిలో ఖర్చవుతుంది. ఈ లెక్కలో నాకు కొత్తగా తెలిసిన సంగతి ఇదే. ఆలస్యంగా విత్తిన చేను మొదటి తరాన్ని తప్పించుకుంటుంది గాని, మొదటి తరం పక్క చేలల్లో పెరిగి రెండో తరమై దాని మీదికి వస్తుంది.

ఆయన విన్నాడు. "ఐతే ఇప్పుడే మందు తెచ్చి పెట్టుకోవాల్నా?" వద్దన్నాను. వైరసు ద్రావణం ఎండలో, వేడిలో నిల్వ ఉంటే బలం తగ్గుతుంది. జనవరి 6న తెచ్చుకుంటే చాలు. ఇంతలో బుట్టల్లో ఎరలు మార్చాలి, మూడు నాలుగు వారాలకు వాటి వాసన తగ్గిపోతుంది. పాత ఎరతో బుట్ట ఖాళీగా ఉంటే పురుగు లేదనుకునే ప్రమాదం.

జనవరి 3

చిన్నాయన చేలో బుట్టలు మూడు రోజులుగా దాదాపు ఖాళీ. ఇవాళ మొదటిసారి ఐదు. 1, 2 తేదీల్లో అనుకున్నది ఒక రోజు వెనక పడింది. డిసెంబర్ సగటు 23 అనుకున్నాను, నా పుస్తకంలో వచ్చింది 22.6. రోజుకు 0.4 తక్కువ. పురుగు దశకే ఇది అర రోజుకు పైగా ఆలస్యం చేస్తుంది. ప్యూపాకు హద్దు ఎక్కువ, కాబట్టి అదే 0.4 అక్కడ ఇంకొంచెం ఎక్కువ ఆలస్యం చేస్తుంది. హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు చిన్న తేడా పెద్దదవుతుంది.

బుట్టల్లో పడినవన్నీ మన చేలల్లో పుట్టినవేనని కూడా చెప్పలేను. ఈ పురుగు రెక్కల దశలో చాలా దూరం పోగలదు. కంది, పత్తి, టమోటా, అన్నీ దీనికి తిండే. పక్క మండలం నుంచి ఒక గుంపు వస్తే నా లెక్కలో దాని జాడ ఉండదు. అందుకే మళ్లీ గుడ్ల దగ్గరికే వెళ్లాలి.

జనవరి 10

చిన్నాయన చేలో తెల్ల గుడ్లు 5న కనబడ్డాయి, 6 పొద్దున ఎక్కువ. ఆ 6 నుంచి మళ్లీ కూడితే సగటు 21.8 దగ్గర ఉంది, రోజుకు 11.3, నాలుగున్నర రోజులు. ఇవాళ మధ్యాహ్నం. ఇవాళ సాయంత్రం పది చోట్ల గుడ్డ పరిచి తట్టాం. పది మీటర్లకు పదహారు, ఎక్కువ చిన్నవి, రెండు మాత్రం కాయలో తల పెట్టిన పెద్దవి. 1.6. రేపు సాయంత్రం కొట్టాలి. మొదట పుట్టినవి 70 దాటాలంటే చలికి రోజుకు పదిన్నరే వస్తుంది కాబట్టి ఆరున్నర రోజులు ఉంది, నవంబర్‌లో ఐదున్నరే ఉండింది. చలి గుడ్డును ఆపినట్టే మనకు గడువునూ కొంచెం పెంచింది.

"నీ చేనికి ఒక్కసారే కొట్నావు, నాకూ ఒక్కసారే," అన్నాడు చిన్నాయన. "ఇద్దరికీ తేదీలే వేరు."

జనవరి 19

నా చేను పీకాం. కుప్ప వేసి ఆరుతోంది. చిన్నాయన చేలో పురుగులు వేలాడుతున్నాయి.

వచ్చే రబీకి రాసి పెట్టుకుంటున్నవి. థర్మామీటరు పెట్టె అక్కడే ఉండాలి, గోడ దగ్గరికి తేకూడదు. అక్టోబర్ చివరి నుంచే గరిష్ఠం, కనిష్ఠం రాయాలి. బుట్టల్లో మూడు రాత్రులు పెరిగితే గుడ్ల వేట మొదలుపెట్టాలి, ఎక్కువ గుడ్లు పడిన రాత్రిని పట్టుకోవాలి. అక్కడి నుంచి 51 దాటేదాకా ఆగాలి, మొదట పుట్టినవి 70 దాటకముందే కొట్టాలి. కొట్టే ముందు గుడ్డ పరిచి పది మీటర్లు తట్టాలి, మీటరుకు ఒకటి లేకపోతే కొట్టకూడదు. చేను కోసిన వెంటనే లోతుగా దున్నాలి, నేలలో ఉన్న ప్యూపాలు పైకి తేలి ఎండకు, కాకులకు పోతాయి. ఆలస్యంగా విత్తిన చేనికి రెండో తరం లెక్క డిసెంబర్ మధ్యలోనే వేసి చెప్పాలి, జనవరిలో చెబితే మందు తెచ్చుకునే వేళ ఉండదు.